నాలుగు బండ్లు ఆగిన కాడ

మా ఆయన పరశురాం అబుదాబికి పోయి మూడు నెలలు కాలేదు, రోజుకు పది ఫొటోలు పంపుతున్నాడు. తన మొహానివి కాదు, పార్కింగ్ బోర్డులవి. అవైనా నాకా? హరితకు.

హరిత నార్కట్‌పల్లి చౌరస్తాలో నా చాయ్ హోటల్ పక్కనే నెట్ సెంటర్ నడుపుతుంది. డిగ్రీ చదివిన పిల్ల. మా ఆయనకు ఇంగ్లీషు రాదు. లైసెన్సు పరీక్ష ఉర్దూలో విని పాసయ్యి, కంపెనీ వ్యాన్ ఎక్కాడు. ఎక్కిన పదిహేను రోజుల్లోనే రెండు పార్కింగ్ జరిమానాలు. మూడోది పడితే టికెట్ కొట్టించి ఇంటికి పంపుతానన్నాడు యజమాని. అప్పటి నుంచి బోర్డులు చదవడం హరిత పని.

నేను చాయ్ మరిగిస్తుంటే ఆ పిల్ల మాటలు గోడ దాటి వినబడేవి.

"పరశన్నా, రోడ్డు పక్క గట్టుకు నీలం, నలుపు రంగు ఉంటే పైసలు కట్టి దినమంత పెట్టుకోవచ్చు. నీలం, తెలుపు ఉంటే నాలుగు గంటలే, మర్వకు. పొద్దుగాల ఎనిమిది నుంచి రాత్రి పన్నెండు దాక కట్టాలె. ఐతారం ఫ్రీ. ఆ బోర్డు కింద ఇంకో పలక ఉన్నది సూడు, గది గూడ ఫొటో పెట్టు."

కింద పలక గూడ! ఎంత ఓపికో! అసూయ అంటారా? అసూయే. పైగా మా ఆయన నాకు ఫోన్ చేసి, "హరిత లేకుంటే నా గతేం గావాలె తిరుమలా" అంటాడు. పదకొండేండ్లు నా చేతి చాయ్ తాగాడు, ఒక్కనాడూ బాగుందన్న పాపాన పోలేదు.

ఒకరోజు తెగేసి చెప్పాను. "ఆ పిల్లకు వేరే పని లేదా? ఫొటోలు నాకు పెట్టు. నేనే ఆమెనడిగి నీకు చెప్త."

"సరే తియ్యి" అన్నాడు.

మర్నాడు సాయంత్రం ఫొటో వచ్చింది. రూము దగ్గరి గల్లీ. స్తంభానికి బోర్డు, దాని కింద చిన్న పలక. పక్కనే వరసగా నాలుగు కార్లు ఆగి ఉన్నాయి. "తెల్లారేదాక వ్యాన్ ఈడ పెట్టొచ్చా? జల్ది అడుగు" అని వాయిస్ మెసేజ్‌లో ఆయన గొంతు.

హరిత దుకాణం నాకు నాలుగడుగులు. లోపల లైటు వెలుగుతూనే ఉంది. పోలేదు. పోయి ఆ పిల్ల ముందు ఫోన్ చాపడానికి మనసొప్పలేదు. నాకు మాత్రం రోడ్డు సంగతి తెల్వదా? ఇన్నేండ్ల నుంచి హైవే మీద చూస్తున్నాను. నాలుగు బండ్లు ఆగిన కాడ ఆగితే ఎవడూ ఏమనడు. లారీ డ్రైవర్లందరికీ అదే చట్టం, మా ఆయనకూ అదే.

"పెట్టుకో, ఫికర్ లేదు. హరితనే జెప్పింది" అని పంపాను. ఆ చివరి మాట ఎందుకన్నానో నాకు తెలుసు. నా మాటంటే నమ్మడని.

తెల్లారి జరిమానా కబురు నేరుగా కంపెనీ ఫోన్‌కే పోయింది. మూడోది.

అప్పుడు నడిచాను ఆ నాలుగడుగులు. హరిత ఫొటో పెద్దది చేసి చూసింది.

"వదినా, ఈడ రాత్రి తొమ్మిది నుంచి పొద్దుగాల ఎనిమిది దాక ఆ గల్లీల ఉండేటోళ్లకే. పర్మిట్ ఉన్నోళ్లే పెట్టాలె. కింద పలక మీద రాసుంది. ఆ నాలుగు కార్లోళ్లకు పర్మిట్ ఉండొచ్చు. అన్న వ్యాన్ ఈడ పెట్టలేదు గద?"

"లేదు" అన్నాను.

మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేశాడు. "శుక్రవారం ఫ్లయిటు. యజమాని వినలే" అన్నాడు. "హరితను ఏమనకు. పాపం, చిన్న పిల్ల. పొరపాటు అయ్యుంటది."

కొలువు పోయినా పాపం ఆ పిల్లే! ఇక పట్టలేకపోయాను.

"హరితను అడగనే లేదు. నేనే చెప్పిన. దినాం ఆమెనే పొగుడుతాంటె ఓర్వలేకపోయిన. ఇగ తిట్టు."

తిట్టలేదు.

"గీ సంగతి ఆ పిల్లకు చెప్పకు" అన్నాడు. "నేనే బోర్డు సూడక పెట్టిన్నని చెప్త. అసలు సంగతి తెలిస్తే నిన్ను తక్కువ జేసి సూస్తది."

ఫోన్ పెట్టేశాడు. నా పరువు కాపాడడానికి అన్నాడా, పెండ్లాం చేతిలో మోసపోయాడని తెలియకుండా ఆ పిల్ల ముందు తన పరువు కాపాడుకోవడానికి అన్నాడా? కొలువు పోగొట్టినదాన్ని, సిగ్గుండాలి నాకు. అయినా అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. పొయ్యి మీద చాయ్ పొంగి పోయింది.

గోడ అవతల నుంచి హరిత కేకేసింది. "వదినా, అన్న ఇయ్యాల ఫొటోలేం పెట్టలేదా?"