పెట్టెకు పంచనామా

ఆకాశం నుంచి ఊడిపడ్డ వస్తువుకైనా మెదక్‌లో పంచనామా తప్పదని నాకు 1965 ఏప్రిల్‌లో తెలిసింది. నా పేరు జయానందం, చర్చి బడిలో సైన్సు మాస్టర్ని.

అంతకు వారం ముందు హైదరాబాదు నుంచి ఇంద్రకరణ్ అనే పరిశోధకుడు నాకు ఉత్తరం రాశాడు. పెద్ద బెలూన్‌కి పెట్టె కట్టి ఇరవై మైళ్ల ఎత్తుకు పంపుతున్నారట. అందులో ఫోటో ఫిల్ములాంటి పలకలుంటాయి. పరమాణు కేంద్రకాలు కొన్ని, బహుశా పేలిపోయిన నక్షత్రాల నుంచి, అయస్కాంత క్షేత్రాల్లో వంకర్లు తిరుగుతూ లక్షల ఏళ్లకు మన దాకా వస్తాయి. పైగాలిని కొట్టగానే ముక్కలవుతాయి. ఆ దెబ్బకు కొత్త కణాలు పుట్టి, అవి మరికొన్నింటిని పుట్టించి జల్లులా దిగుతాయి. మన నెత్తిన పడేది ఆ తుక్కే. అసలైనవి కావాలంటే గాలి పల్చగా ఉన్నచోటే పట్టుకోవాలి. "పలకలకు వెలుతురు తగిలితే నా నాలుగేళ్ల చదువు మట్టిపాలే. పెట్టె మీ వైపు దిగితే కాపాడండి" అని వేడుకున్నాడు.

దిగింది, పాపన్నపేట దగ్గర పద్మమ్మ పొలంలో. ఆమె దాన్ని తెరవకుండా గొంగడి కప్పి, బండిలో తెచ్చి రెవెన్యూ గిర్దావర్ జనార్దన్‌కి అప్పగించింది. ఆయన సాక్షులుగా నన్నూ, దర్జీ హకీంనీ ఆఫీసుకు పిలిపించాడు.

పెట్టె మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో 'తెరవవద్దు' అని ఉంది. జనార్దన్ మూడూ గట్టిగా చదివి, సుత్తి తెమ్మన్నాడు.

"సీల్ ఉన్న పెట్టె ఒకటి అని రాయుండ్రి సార్, చాలు" అన్నాను.

"లోపట ఎన్నున్నయో రాయకుంటె గది పంచనామా ఎట్లయితది మాస్టర్? రేపు పైవోళ్లడిగితె మీరొచ్చి చెప్తరా?"

"నేనే తెర్వలేదు సారూ, గంత పెద్దగ రాసిన్రట గద!" అంది పద్మమ్మ.

"నువ్వు ఊకో."

నేనూ ఊరుకున్నాను. అధికారికి భయపడి అని చెప్పుకుంటే గౌరవంగా ఉండేది. నిజానికి నాకూ లోపల చూడాలనిపించింది. పలకల్ని మందులో కడిగి మైక్రోస్కోపు కింద పెడితే తప్ప ఏమీ కనబడదని తెలిసి కూడా.

నల్ల కాగితాలు విప్పారు. పాలరంగు పలకల్ని వరండాలో ఎండలో వరసగా పరిచి లెక్కపెట్టారు. లక్షల ఏళ్లు చెక్కుచెదరకుండా వచ్చినదాన్ని మా జనార్దన్ ఐదు నిమిషాల్లో చిత్తు చేశాడు. నేను సంతకం పెట్టాను.

మధ్యాహ్నం జీపులో ఇంద్రకరణ్ దిగాడు. మనిషికి ముప్ఫై కూడా ఉండవు. పలకలు అప్పటికే నల్లబడుతున్నాయి.

"అరవై నాలుగు, ఒక్కటి తక్కువ లేదు. సహీ సలామత్ ముట్టినయని గీడ దస్తఖత్ చెయ్యుండ్రి" అన్నాడు జనార్దన్.

అతను చదవకుండానే సంతకం చేసి మెట్ల మీద కూలబడ్డాడు. నేను మంచినీళ్ల గ్లాసు అందించాను. తాగలేదు.

"గీడ జయానందం సార్ అని సైన్సు మాస్టర్ ఉండాలె. ఆయనుంటె ఆపుతుండె. ఊళ్లె లేడా?" అని నన్నే అడిగాడు.

పద్మమ్మ నా మొహంలోకి చూసింది.

"లేడు, నర్సాపూర్ పోయిండు" అన్నాను.