అయిదో జావ

...జావ పలచనైందేమో, ఉప్పు ఎక్కువైందేమో అనుకుంటూనే తలుపు తట్టాను. టైఫాయిడ్ నుంచి కోలుకుంటున్న స్నేహితుడికి ఇంకొన్నాళ్లు కారం తగలకూడదని డాక్టరు చెప్పాడట. నా చేతిలో ఫ్లాస్కు చూసి అతని భార్య నవ్వింది.

"అన్నయ్యా, ఇవాళ ఇది అయిదో జావ. ఆయనది కడుపా, గంగాళమా?"

వంటింటి గట్టు మీద నాలుగు ఫ్లాస్కులు వరసగా ఉన్నాయి. జావ తెచ్చిన మేమందరం జబ్బుపడ్డవాడి గురించే ఆలోచించాం.

"మరి నువ్వేం తింటున్నావమ్మా?"

"మిగిలిన జావే. పారబోయడానికి చేతులు రావుగా. వండుకునే ఓపికా లేదు."

లోపలి మంచం మీంచి వాడు అరిచాడు. "జ్వరం నాకురా, జిహ్వ చచ్చింది దానికి!"

ఆఫీసులో తిందామని తెచ్చుకున్న నా క్యారేజీ సంచిలోనే ఉంది. మూత తీసి, పచ్చిమిర్చి దండిగా వేసిన కూరను ఆమె ముందుకు జరిపాను.