మెచ్చుకోలు పేరా

మా పెదనాన్నకు తీర్పులంటే ప్రాణం. తీర్పుల్లోని మెచ్చుకోళ్ళంటే మాత్రం ఒళ్ళు మంట. "జడ్జిగారు మెచ్చుకుంటే క్లయింటుకు ఒరిగేదేముంది తల్లీ? ఎవరు చెయ్యాలి, ఏం చెయ్యాలి, ఎప్పటిలోగా చెయ్యాలి. మనకు కావాల్సింది అంతే" అంటాడు. ఆయన దగ్గర జూనియర్‌గా చేరిన వారానికే ఈ మాట నాకు కంఠతా వచ్చేసింది.

కింద జెరాక్స్ దుకాణం, పైన మా ఆఫీసు. దుకాణంలో మిషన్ ఆడుతున్నంతసేపూ మా బల్ల మీద గ్లాసులు సన్నగా వణుకుతుంటాయి. పెద్ద తీర్పు ఏదైనా చేతికి రాగానే పెదనాన్న నీలం పెన్సిల్ చెక్కుకుని కూర్చుంటాడు. కేసు పూర్వాపరాలు, ఈ పక్క వాదన, ఆ పక్క వాదన, పాత తీర్పుల ప్రస్తావన, పొగడ్త, తిట్టు, ఇలా ఆదేశం కాని ప్రతి పేరా పక్కనా నిలువుగీత గీసేస్తాడు. గీత పడనివే గళ్ళ కాగితం మీదికి ఎక్కుతాయి. ఆ కాగితం క్లయింటు చేతిలో పెట్టి, తీర్పుని బీరువాలో పెట్టుకోమంటాడు. నూరు పేజీల తీర్పు చదివి భయపడిపోయిన మనుషులు ఆ ఒక్క కాగితం చదివి ఊపిరి పీల్చుకోవడం నేను చాలాసార్లు చూశాను. అందుకే ఆయన మొండితనాన్ని భరిస్తాను.

ఈసారి తీర్పు మా జోలమ్మది. ఆవిడ మా వీధి చివర శిశుసదనం నడుపుతుంది. పనులకు వెళ్ళే తల్లులు పొద్దున్నే పిల్లల్ని అక్కడ దింపి, సాయంత్రం తీసుకెళ్తారు. ఊళ్ళో సగంమందిని జోకొట్టి నిద్రపుచ్చిన చెయ్యి ఆవిడది, అందుకే ఆ పేరు. నేనూ ఆ సగంలోదాన్నే. అమ్మ పోయాక నన్ను పెంచింది పెదనాన్న. కోర్టుకు వెళ్ళే ముందు నన్ను జోలమ్మ చాప మీద కూర్చోబెట్టి, నేను ఏడుపు మొదలెట్టేలోపు పారిపోయేవాడట.

ఆ సదనం ఉన్నది మునిసిపాలిటీవాళ్ళ పాత భవనంలో. మేడ మీద గోడ బీటలు వారిందని, వెంటనే ఖాళీ చెయ్యమని నోటీసు ఇచ్చారు. పిల్లలతో ఎక్కడికి పోవాలో మాత్రం చెప్పలేదు. జోలమ్మ కోర్టుకు వెళ్ళింది, మేము వాదించాం. తీర్పు వెలువడిన రోజు చివరి పేజీ మాత్రమే చదివి వినిపించారు. ధ్రువీకరించిన నకలు మా చేతికి రావడానికి వారం పైనే పట్టింది.

ముసాయిదా జాబితా నన్ను రాయమన్నాడు పెదనాన్న. ఒళ్ళు దాచుకోకుండా రాసి, రెండు పేజీలు నింపి తెచ్చాను. ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి దించుకున్నాడు.

"ప్రతి పేటలోనూ ఇలాంటి సదనం ఉంటే బాగుంటుంది. ఇది ఇక్కడెందుకుంది?"

"కోర్టు అంది కదా పెదనాన్నా."

"బాగుంటుంది అంది. పెట్టండి అనలేదు. అది కోరిక, ఆదేశం కాదు. తీసెయ్. ఇదేంటి, నెలలోగా గోడ బాగుచేయిస్తామని మునిసిపాలిటీ వకీలు చెప్పారు?"

"చెప్పారుగా!"

"ఆయన చెప్పాడని రాసుకున్నారు. ఆ మాట నమోదు చేసి, దానికి కట్టుబడి ఉండాలని కోర్టు ఎక్కడైనా అందా? వెతుకు." వెతికాను. ఎక్కడా లేదు. "మరి తీసెయ్."

చివరికి మిగిలినవి ఐదు. మేడ గదిని జోలమ్మ వెంటనే మూసెయ్యాలి. మునిసిపల్ ఇంజనీరు రెండు వారాల్లో కింది భాగం పరీక్షించి నివేదిక ఇవ్వాలి. కమిషనరు ఆరు వారాల్లో, నడిచి వెళ్ళగలిగే దూరంలో, నీళ్ళూ మరుగుదొడ్డీ ఉన్న కింది అంతస్తు గదులు అప్పగించాలి. అవి పిల్లలకు పనికొస్తాయని ఇంజనీరు రాసివ్వాలి. అప్పటిదాకా, పైన చెప్పినవాటికి లోబడి, జోలమ్మను ఎవరూ ఖాళీ చేయించకూడదు. దీనికి గడువంటూ లేదు కనుక దాన్ని అడుగున విడిగా రాశాం. గడువులు నకలు అందిన రోజు నుంచి లెక్క.

ఆ కాగితం తీసుకోవడానికి జోలమ్మ వచ్చింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"మరి నా గురించి రాసింది ఏదీ వకీలుగారూ? జడ్జిగారు పేజీన్నర రాశారంటగా!"

"అది ఆదేశం కాదండీ. మెచ్చుకోలు."

"అదే కావాలి నాకు. మీ గళ్ళూ గీతలూ నేనేం చేసుకోను? పెద్ద పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి గోడకు పెట్టుకుందామనుకున్నా. ఇన్నేళ్ళలో ఒక్కరన్నా ఒక మంచిమాట కాగితం మీద పెట్టారా?"

"గోడలే బీటలు వారి ఏడుస్తుంటే వాటికి మళ్ళీ బరువెందుకు?" అన్నాడు పెదనాన్న. ఆయన సరదాగానే అన్నాడు. జోలమ్మ మొహం చిన్నబోయింది. కాగితం మడిచి సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మా పెదనాన్న మీద నాకు కోపం ముంచుకొచ్చింది. పిల్లలు తినకుండా మారాం చేస్తే అన్నం ముద్దలకు పేర్లు పెట్టి తినిపించిన మనిషి ఆవిడ. ఒక పేరా అడిగితే ఇవ్వలేమా?

మంగళవారం భోజనమయ్యాక ఆయన కుర్చీలో వెనక్కి వాలగానే బీరువాలోంచి తీర్పు తీశాను. అరవై ఒకటో పేరా. పక్కన నిలువునా నీలం గీత. పెద్ద అక్షరాలు పెట్టి టైపు కొట్టడం మొదలుపెట్టాను. చదవడం వేరు, ఎక్కించడం వేరు. చదివేటప్పుడు కళ్ళు దూకేస్తాయి, ఎక్కించేటప్పుడు ప్రతి మాట దగ్గరా ఆగాలి. తల్లుల పనివేళలు ఆమెకు వాళ్ళ యజమానులకంటే బాగా తెలుసునని జడ్జిగారు రాశారు. ఒక్కరోజు కూడా తలుపు మూయలేదని రాశారు. మురిసిపోతూ కొడుతున్నాను. ఆ తరువాతి వాక్యాలు ఇవి:

"ఇంతటి బాధ్యత గల వ్యక్తి మాట ఇస్తే చాలునని ఈ న్యాయస్థానం నమ్ముతోంది. కనుక, తగిన గదులు అప్పగించిన వారంలోగా ఈ భవనాన్ని ఖాళీ చేస్తానని ఆమె నేటి నుంచి రెండు వారాల్లోగా ప్రమాణపత్రం దాఖలు చేయాలి. చేయని పక్షంలో, దిగువన ఇచ్చిన రక్షణ ఆమెకు వర్తించదు."

టైపు ఆపేశాను. నేటి నుంచి అంటే నకలు అందిన రోజు నుంచి కాదు, తీర్పు తేదీ నుంచి. లెక్క వేశాను. గడువు ఈ సాయంత్రమే.

"పెదనాన్నా!" నా కేకకు ఆయన ఉలిక్కిపడి లేచాడు. పేరా చూపించాను. చదివాడు. తన నీలం గీత వెంట వేలు కిందిదాకా జరిపాడు. పైన చెప్పినవాటికి లోబడి అన్న మాట ప్రతి తీర్పులోనూ ఉంటుంది కదా అని ఇద్దరం దాటేశాం. అది చూపించింది ఈ పేరానే.

"పొగడ్తని గీసిపారేశాను" అన్నాడు మెల్లగా. అంత చిన్న గొంతు ఆయన దగ్గర ఉందని నాకు తెలీదు.

"గడువు పెంచమని అడగొచ్చుగా?"

"అడగొచ్చు. ఆ అర్జీ బెంచి మీదికి వచ్చేలోపు మునిసిపాలిటీవాళ్ళు తాళంకప్పతో వచ్చి వాకిట్లో నిలబడతారు. రాయి తల్లీ, రాయి."

పది వాక్యాల ప్రమాణపత్రం రాసుకుని పరుగులాంటి నడకతో సదనానికి వెళ్ళాం. అప్పటికి పిల్లలంతా వరసగా చాపల మీద పడుకుని ఉన్నారు. జోలమ్మ పెదవి మీద వేలు పెట్టింది. అందుకని, ఆ భవనం ఉంటుందా పోతుందా అన్న గొడవంతా మేము గుసగుసల్లోనే పడాల్సి వచ్చింది.

"ఖాళీ చేస్తానని నేను సంతకం పెట్టాలా?" గుసగుసలో కూడా ఆవిడ గొంతు కరుకుగా పలికింది. "నన్ను ఎత్తుకుపోతే తప్ప ఈ గడప దాటనని ఊరంతా చెప్పుకున్నా. రేపు ఏ గొడ్లపాకో చూపించి, ఇదే గది, నడవమంటే?"

పెదనాన్న బల్ల మీద పరిచింది తీర్పుని కాదు, మా గళ్ళ కాగితాన్ని. అందులో కొత్తగా ఒక గడి గీశాడు, ఏది ముందు, ఏది తరువాత అని.

"చూడండి. ముందు కమిషనరు గదులు ఇవ్వాలి. తరువాత అవి పిల్లలకు పనికొస్తాయని ఇంజనీరు రాసివ్వాలి. ఆ తరువాతే మీ వారం మొదలవుతుంది. వాళ్ళు కదలకపోతే మీ మాటా కదలదు. గొడ్లపాక చూపిస్తే ఇంజనీరు సంతకం పెట్టాలి కదా. పెడితే నేనున్నాను, మళ్ళీ కోర్టుకు లాగుతాను."

ఆవిడ చాలాసేపు ఆ గళ్ళ మీద వేలు నడిపింది. కమిషనరు, ఇంజనీరు, తరువాత తను.

"ఇది ముందే ఎందుకు చెప్పలేదు?"

"నాదే తప్పు. మిమ్మల్ని మెచ్చుకున్న చోట పనికొచ్చే మాట ఉండదనుకున్నా" అన్నాడు పెదనాన్న.

జోలమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "పదండి. కానీ పిల్లలు లేస్తే?" అంది. ప్రమాణం నోటరీ ఎదుట ఆవిడే స్వయంగా చెయ్యాలి. వకాల్తాలో నా పేరూ ఉంది కనుక దాఖలు నేను చెయ్యొచ్చు. ఇద్దరం ఒకేసారి పెదనాన్న వైపు చూశాం. ముప్పై ఏళ్ళుగా జడ్జిలకు జంకని మనిషి ఆ చాపల వరస చూసి కళ్ళు తేలేశాడు.

నోటరీ దగ్గర జోలమ్మ ప్రతి వాక్యం మళ్ళీ చదివించుకుని సంతకం పెట్టింది. నేను ఆవిడ రెండో చెయ్యి పట్టుకున్నాను. మునిసిపాలిటీ వకీలుకు ఒక ప్రతి ఇచ్చి, అందినట్టు రాయించుకుని, రిజిస్ట్రీ కిటికీ మూసే ముందు దాఖలు చేశాం. గుమాస్తా తేదీ ముద్ర కొట్టిన చప్పుడు నాకు పెళ్ళి బాజాలా వినిపించింది.

తిరిగి వచ్చేసరికి సదనంలో చడీచప్పుడూ లేదు. పెదనాన్న చాప మీద కాళ్ళు బార్లా చాపుకుని గోడకు ఆనుకున్నాడు. ఒక పిల్ల ఆయన ఒళ్ళో, ఇంకొకడు మోకాలి మీద. చేతిలో తీర్పు.

"అందరూ ఒక్కసారే లేచారు. పాటలు నాకేమొచ్చు? తీర్పు చదివాను. మీ పేరా చదివితే ఒక్కళ్ళూ పడుకోలేదు, మళ్ళీ చదవమని గోల. నాలుగుసార్లు చదివా. మునిసిపాలిటీ వాదన అందుకున్నాక పడుకున్నారు" అన్నాడు గుసగుసగా.

జోలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది. "పూర్తిగా చదివారా?"

"పూర్తిగా. అందులో గీసెయ్యాల్సిన మాట ఒక్కటీ లేదు జోలమ్మగారూ." ఒళ్ళోని పిల్ల జుట్టు సవరించాడు. "నేను కోర్టుకు పారిపోయిన ప్రతి రోజూ మా పిల్ల ఇక్కడ ఇలాగే పడుకుని ఉంటుంది కదా. ఆ మాట కూడా ఎవరో ఎప్పుడో కాగితం మీద పెట్టాల్సింది. నేనే పెట్టాల్సింది."

నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. జోలమ్మ వంగి, ఆయన మోకాలి మీది పిల్లవాణ్ణి మెల్లగా చాప మీదికి దించింది.

నేను టైపు చేసిన పేరా ఇప్పుడు సదనం గోడ మీద ఉంది. దాని పక్కనే గళ్ళ కాగితం ఉంది, మొదటి వరసలో జోలమ్మ మూసేసిన మేడ గది, ఎదురుగా చేశాను అన్న గుర్తు. కమిషనరు వరస ఇంకా ఖాళీయే. గదులు దొరికి సదనం మారినప్పుడు ఈ రెండు కాగితాలూ తనే మోసుకెళ్ళి మేకు కొడతానని పెదనాన్న మాట ఇచ్చాడు. ఆ మాటను నీలం పెన్సిల్‌తో తనే జాబితా అడుగున రాసి, సంతకం పెట్టాడు.