బావకు పట్టిన చెమటలు

మా బావది సెలూన్. డెమో ఖాతాలో ఉత్తుత్తి డబ్బుతో షేర్లు కొని, మూడు నెలల్లో రెట్టింపు చేశాడు. ధర పడినా చలించేవాడు కాదు.

"ఇక అసలు ఖాతాలోకి దిగుతా మరదలా" అంటూ యాభై వేలిచ్చి, నన్ను ఏర్పాటు చెయ్యమన్నాడు. నేను ఆ నోట్లు దాచేసి, డెమోలోనే యాభై వేలు ఉండేలా మార్చి ఫోనిచ్చాను. తెర మూలనున్న 'డెమో' అన్న మాటను బావ హుషారులో గమనించలేదు.

మర్నాడు అతను కొన్న షేరు రెండు శాతం పడింది. సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలోనే వదిలేసి, బావ నుదుటి చెమట తుడుచుకుంటూ అన్నీ అమ్మేశాడు. గంటలో ధర మళ్లీ పైకెక్కింది.

"కొంప మునిగింది మరదలా!"

"అదీ డెమోనే బావా" అని నోట్లు తిరిగిచ్చాను.

"మరి నాకెందుకు చెమటలు పట్టాయి?"

"ఇన్నాళ్లూ పట్టలేదు కాబట్టే గెలిచావు."

బావ నన్ను మింగేసేలా చూసి, చివరికి ఫక్కున నవ్వేశాడు.