గోడ మీది సీసా

కొత్తగా చేరినవాళ్లకు సుబ్బరత్నమ్మ చెప్పే మొదటి పాఠం ఒకటే: "పెట్టె కొయ్యకముందే ఫొటో." బొల్లాపల్లిలో ఆమెది పురుగుమందుల కొట్టు. నకిలీ మందులు ఊళ్ల మీద పడ్డాక ఆమె ఈ పద్ధతి పెట్టింది. ముందు పెట్టె టేపు, లేబులు. తర్వాత పైనుంచి ఒక సీసా, అడుగునుంచి ఒకటి తీసి తెల్లగుడ్డ మీద పెట్టి మూత, సీలు, బ్యాచి నంబరు, తేదీలు, పక్కన బిల్లు. గోడకు అంటించిన నమూనా ఫొటోలతో అన్నీ కలిస్తేనే అమ్మకం.

ఆ ఉదయం నరసరావుపేట నుంచి కొత్త డీలరు సరుకు దిగింది. మిరపకు మందు కావాలని బసవమ్మ బల్ల ముందు నిలబడింది.

"అత్తా, ఇది కలవట్లా," అంది కొత్తగా చేరిన అబిదా. "గోడ మీద సీసా మూత నున్నగా ఉంది. దీని మూత మీద అక్షరాలు ఉబ్బుగా ఉన్నయ్."

"అయితే పక్కన పెట్టు. అమ్మబాక."

సరుకు దించుతున్న కొట్టు పనివాడు మరియదాసు నవ్వాడు. "పాత డీలరే నయమని మొత్తుకుంటే ఇన్నావా అక్కా? పాత సీసాలున్నయ్ లోపల. అయ్యిచ్చి పంపిచ్చు."

"ఏదోటి ఇయ్యండే! చేలో పురుగు తింటంటే మీకు ఫొటోల పిచ్చేంది?" అంది బసవమ్మ.

అబిదా కదల్లేదు. "గోడ మీది ఫొటో ఎవురు పంపారత్తా? కంపెనీవాళ్లా?"

"నేనే తీశా. పాత డీలరు మొదటి లోడులోంచి."

అన్నాక ఆ మాట తనకే గుచ్చుకుంది. కొలబద్దను ఎవరితో కొలిపించింది? ఎవరి సరుకును పరీక్షించాలో వాడి సరుకునే నమూనాగా గోడకెక్కించింది. కొత్తదీ పాతదీ రెండు సీసాల ఫొటోలు, బ్యాచి నంబర్లతో సహా కంపెనీ మనిషికి పంపించి, జవాబొచ్చేదాకా ఏ సీసా కదలకూడదంది. బసవమ్మ గొణుగుతూ స్టూలు మీద కూలబడింది.

కంపెనీ మనిషే ఫోను చేశాడు. కొత్తది వాళ్లదే. పాత బ్యాచి నంబరు వాళ్లు ఎన్నడూ వేయలేదు.

కొత్త సీసా బల్ల మీదికొచ్చింది. బసవమ్మ దాన్ని అందుకోలేదు.

"మరి పోయినవారం నేను కొట్టింది?"

మరియదాసు పెట్టెలు సర్దడంలో పడ్డాడు. బుకాయిస్తే ఈ పూటకు గడిచిపోతుంది, అనుకుంది సుబ్బరత్నమ్మ. కానీ ఆ మందే మళ్లీ కొట్టాలని ఎంతమంది చూస్తున్నారో!

"అది నకిలీదే వదినా. నీకమ్మింది నేనే."

"నీ కొట్టు పాడుగాను! పురుగు చావకపోతే, మందు సరిగ్గా కలపలేదని నా కోడల్ని తిట్టానే!"

"ఆ తిట్లు నాకు తిట్టు," అంది సుబ్బరత్నమ్మ. పాత సీసాలన్నీ విడిగా పెట్టి తాళం వేయించింది. వ్యవసాయాధికారికి కబురు పెట్టి, ఆ మందు కొన్న రైతులకు ఒక్కొక్కరికీ ఫోను చేయడం మొదలుపెట్టింది.

అబిదా బల్లెక్కి గోడ మీది ఫొటో పీకింది.