టేపు చుట్టిన తీగ

అన్నయ్య పోయి నెలయింది. వానకు తడిసిన అతని బండిని వదిన నా షెడ్డు దాకా తోసుకొచ్చింది.

"ఎన్ని కిక్కులు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. డ్యూటీకి టైమైపోతోంది."

కార్బురేటర్ అడుగు స్క్రూ వదిలి చూశాను. పెట్రోల్లో నీళ్ళు లేవు. ప్లగ్గు విప్పి, తుడిచి, ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టాను. ప్లగ్గు దగ్గర స్పార్కు రాలేదు. పైన, ప్లగ్గుకు కరెంటు తెచ్చే తీగకు చుట్టిన టేపు దగ్గర చిటపటలాడింది.

పగిలిన తీగకు అన్నయ్య చుట్టిన టేపది. "దాని కింద నీళ్ళు నిలుస్తాయి అన్నయ్యా, తీగే మార్చేద్దాం" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేగా!

టేపు ఊడదీశాను. జిగురులో అతని బొటనవేలి ముద్ర ఉంది. చూశాను. ఏమీ అనిపించలేదు. కాయిల్ నుంచి ప్లగ్గు దాకా కొత్త తీగ వేశాను. ఇంజను రెండో కిక్కుకు అందుకుంది.

బండెక్కబోయిన వదిన ఆగి, చెయ్యి చాపింది. "మీ అన్నయ్య చుట్టిన ఆ టేపేదీ?"

"పారేశాను వదినా."

ఆమె వెళ్ళిపోయింది. చొక్కా జేబులోంచి తడి మెల్లగా ఒంటికి తగులుతోంది.