బిగించని మూత

ఏమోయ్, పెట్రోలు మూతకి ఒక్క తిప్పు తిప్పి, ఘనకార్యం చేసినట్టు బంకులోంచి బయల్దేరే మహానుభావా, నిన్నే. నవ్వకు, ఇది నీ కథే. కాకపోతే నీ బదులు ఇందులో బావ ఇరుక్కున్నాడు.

బావ అంటే కూర్చున్నవాడి కుర్చీ లాగేసే రకం. ఆయన మరదలు కార్ల షెడ్డు నడిపే మెకానిక్. మొన్న రెండు కుటుంబాలూ ఒకే బంకులో పెట్రోలు పోయించుకున్నాయి. మరదలు బిల్లు కోసం లోపలికెళ్ళగానే, బావ ఆమె కారు మూత వదులు చేసి, ఈల వేసుకుంటూ గాలి కొట్టే కుర్రాణ్ణి పిలవడానికి వెళ్ళాడు. కార్ల డాక్టరమ్మ సొంత కారు రోగం తెలీక జుట్టు పీక్కుంటుంటే చూడాలని సరదా.

ఇవాళ పొద్దున డాష్‌బోర్డు మీద ఇంజను లైటు వెలిగింది. బావ కార్లో.

"ఇంకొక్కసారి ఆ లైటు వెలిగితే ఈ డొక్కుని అమ్మేస్తా" అని భార్య పోయిన వారమే తేల్చేసింది. ఆయనకేమో ఆ కారంటే ప్రాణం. భార్య కంటబడకుండా షెడ్డుకి తోలాడు.

మరదలు స్కానర్ తగిలించింది. "ఆవిరి లీకవుతోంది బావా."

"ఇంజను పోయిందా?"

"నిక్షేపంలా ఉంది. ట్యాంకులో పెట్రోలు ఆవిరి గాల్లో కలవకుండా ఓ బొగ్గు డబ్బా పట్టి ఉంచుతుంది. బండి నడిచేటప్పుడు ఇంజను దాన్ని లాక్కుని కాల్చేస్తుంది. ఆ దారంతా గట్టిగా మూసుకుందో లేదో కంప్యూటరు పరీక్ష పెడుతుంది. మూత వదులైతే పరీక్ష తప్పుతుంది. మళ్ళీ తప్పితే లైటు."

మూత చూస్తే ఊడబోయే పన్నులా ఊగుతోంది. తిప్పింది. టక్, టక్.

బావ కారు స్టార్ట్ చేశాడు. లైటు మాత్రం అలిగిన అల్లుడిలా కదల్లేదు.

"బిగించావుగా, ఆరదేం?"

"పరీక్ష మళ్ళీ పాసవ్వాలి. కొన్నాళ్ళు తిరగాలి."

"సాయంత్రం మీ అక్క ఎక్కుతుందే తల్లీ."

"స్కానర్‌తో చెరిపేయొచ్చు. మూత ఎవరు వదులు చేశారో చెప్పు ముందు."

"ఇంకెవరు, బంకువాడు."

"నా మూత కూడా వాడేనా?"

బావ నేల చూపులు చూశాడు. "నీది నేనే. నాది మాత్రం ఒట్టు, నాకు తెలీదు."

"నాకు తెలుసు" అంటూ, ఆయనకంటే ముందే చెల్లి దగ్గరికొచ్చి కూర్చున్న ఆయన భార్య వెనక గదిలోంచి టీ కప్పుతో వచ్చింది. "మీ పనితనం కార్లో కూర్చుని అద్దంలో చూశా. మీరు గాలి కోసం వెళ్ళారుగా, చెల్లిది బిగించి మీది వదులు చేశా."

"మరి కారు అమ్మేస్తానన్నావు?"

ఆవిడ టీ ఊదుకుంది. "నేను వెలిగించిన దీపానికి నేనే ఇల్లు అమ్ముకుంటానా ఏమిటండీ?"